"రంగు తక్కువైనా కళగా ఉంది": పెళ్ళికూతురికి నిజం చెప్పడం మీద ఒక కేస్ స్టడీ

పెళ్ళికూతురి మేకప్ ట్రయల్‌కు ముందు జరిగే మొదటి సంప్రదింపు ఇది. క్లయింటుకు 27 ఏళ్ళు, గుంటూరు జిల్లా, బ్యాంకు ఉద్యోగం. పెళ్ళి పదకొండు వారాల దూరంలో ఉంది. వెంట తల్లి, పిన్ని వచ్చారు. మనిషి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.

ఆమె అడిగింది ఒక్కటే: "మొహమాటం లేకుండా చెప్పండి అక్కా. ఎలా ఉన్నాను? ఏం మార్చుకోవాలి?"

జవాబు పిన్ని దగ్గర నుంచి వచ్చింది. "రంగే కాస్త తక్కువ. మిగతాదంతా లక్షణంగా ఉంటుంది. పెళ్ళినాటికి రెండు షేడ్లు లేపితే చాలు."

ఈ మాటకు వెనక ఒక చరిత్ర ఉంది. సంబంధాలు చూసేటప్పుడు స్టూడియోలో తీయించిన ఫోటోను స్టూడియో వాళ్ళే తెల్లగా మార్చి ఇచ్చారు. ఆ ఫోటో చూసి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు పెళ్ళిచూపుల్లో కూర్చుని "ఫోటోలో ఇంకాస్త ఫెయిర్‌గా ఉంది కదా" అని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఆ అమ్మాయి మందుల షాపులో దొరికే ఒక క్రీము రాస్తోంది, పది నెలలుగా. ఇప్పుడు కుదిరిన సంబంధం వాళ్ళు రంగు ఊసే ఎత్తలేదు. అయినా క్రీము ఆగలేదు.

ముందు కొలబద్ద సంగతి

మన దగ్గర అందం గురించి వచ్చే మాటల్లో రంగు ఒక లక్షణంగా రాదు, మార్కుల పట్టీలా వస్తుంది. తెలుపు, ఎరుపు, చామనఛాయ, నలుపు అనే వరసలో పై నుంచి కిందికి దిగుతుంటాం. దిగేకొద్దీ ఒక "అయినా" వచ్చి చేరుతుంది. "రంగు తక్కువైనా కళగా ఉంది", "నల్లగా ఉన్నా ముక్కు తీరు బాగుంది." ఎర్రగా ఉన్న పిల్ల గురించి "ఎర్రగా ఉన్నా ముక్కు బాగుంది" అని ఎవరూ అనరు. ఆ "అయినా" ఎవరికి వాడతామో, ఎవరికి వాడమో చూస్తే మన కొలబద్ద ఎటు వాలిందో తెలిసిపోతుంది.

వ్యాపారం ఈ వరసను బాగా వాడుకుంది. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. అదే ఏడాది షాదీ డాట్ కామ్, వినియోగదారుల నిరసన తర్వాత, చర్మపు రంగును బట్టి వెతికే ఫిల్టరును తీసేసింది. అంతకు ముందే, 2014లో, భారత ప్రకటనల ప్రమాణాల మండలి రంగు తక్కువ ఉన్నవారిని ఆకర్షణ లేనివారిగా, దిగులుపడేవారిగా ప్రకటనల్లో చూపించకూడదని మార్గదర్శకాలిచ్చింది. "ఫెయిర్" అనే మాట డబ్బాల మీద నుంచి పోయింది. దాని చోట "గ్లో", "బ్రైట్", "రేడియన్స్" వచ్చాయి. సెలూన్లలోనూ అదే జరిగింది. "తెల్లగా చేస్తాం" అనడం మానేసి "డల్‌గా ఉంది, బ్రైట్ చేద్దాం" అంటున్నారు. వినేవాళ్ళకు అర్థమయ్యేది పాత మాటే.

అందుకే ఈ కేసులో మొదటి పని క్రీములూ కాదు, ఫౌండేషనూ కాదు. ఆ అమ్మాయి ముఖాన్ని దేనితో పోల్చి చూడాలన్నది తేల్చుకోవడం. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: ముఖాన్ని ఆ మనిషి సొంత ఒంటితోనే పోల్చాలి. పక్కవాళ్ళ రంగుతో గానీ, షేడ్ కార్డులో పై అంకెతో గానీ పోల్చకూడదు.

చూడటం

నిజం చెప్పాలంటే ముందు నిజం కనబడాలి. ఇక్కడే చాలామంది తప్పుతారు. సెలూన్ అద్దం చుట్టూ ఉండే పసుపు బల్బుల కింద గోధుమరంగు చర్మం ఎర్రటి నారింజగా కనబడుతుంది. చవక రకం ట్యూబ్‌లైటు కింద అదే చర్మం పాలిపోయి, పచ్చగా, జబ్బు చేసినట్టుంటుంది. ఆ వెలుతురులో నిలబెట్టి "డల్‌గా ఉన్నావు" అంటే అది బల్బు గురించి ఇచ్చిన తీర్పు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, పగటిపూట చూడాలి. అది కుదరకపోతే పగటి వెలుతురుకు దగ్గరగా, 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య ఉండే, సీఆర్‌ఐ 95కు తగ్గని దీపం కావాలి. సీఆర్‌ఐ అంటే ఆ దీపం రంగులను ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే అంకె. చాలా బల్బుల డబ్బాల మీద ఉంటుంది.

ఆమె వేసుకొచ్చిన డ్రెస్సు ముదురు ఎరుపు. దాని ఛాయ దవడ కింద, మెడ మీద పడుతోంది. భుజాల మీద తెల్లటి నూలు గుడ్డ కప్పాం. ముఖం నీళ్ళతో, తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడిగించి, తుడవకుండా అద్దించి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాం. కడిగిన వెంటనే రుద్దుడుకు ఎర్రబడుతుంది. అది తగ్గకముందు చూస్తే ఏది రాపిడో, ఏది అసలు సమస్యో తేలదు.

తర్వాత పై చేతి లోపలి భాగం, అంటే చంకకు దగ్గరగా ఎండ తగలని చోటు చూశాం. ఆమె అసలు రంగు అదే. ముదురు గోధుమ, అడుగున బంగారు పసుపు ఛాయ. దీన్ని కాగితం మీద "సమస్యలు" అన్న గడిలో రాయలేదు. ఫౌండేషన్ నంబరు కోసం విడిగా ఒక గడి ఉంటుంది, అందులో రాశాం. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, సంప్రదింపు కాగితంలో "కాంప్లెక్షన్" అనే గడి "మొటిమలు", "మచ్చలు" పక్కన ఉంటే, రాసే మనిషి ఎంత మంచిదైనా దాన్ని లోపంలాగే చదువుతుంది.

ఇక ముఖాన్ని ఆ చేతితో పోల్చితే తేడాలు నాలుగు చోట్ల కనబడ్డాయి.

బుగ్గలు చేతికన్నా తెల్లగా ఉన్నాయి. ఇది మంచి వార్త కాదు, హెచ్చరిక. ఎండ తగిలే బుగ్గ, ఎండ తగలని చేతికన్నా తెల్లగా ఉండటానికి సహజమైన కారణం చాలా అరుదు. దగ్గరగా చూస్తే సన్నటి ఎర్రని రక్తనాళాలు, ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు, దవడ దగ్గర నూగు పెరగడం కనబడ్డాయి. ఎండలోకి వెళ్తే మండుతుందని ఆమే చెప్పింది. క్రీము ట్యూబు తెప్పించి చూస్తే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ కలిసిన మందు. మంగు లాంటి మచ్చలకు చర్మవైద్యులు కొద్ది వారాలు, మచ్చ ఉన్నంతమేరకే రాయమని ఇచ్చే మందు ఇది. అందులో మొమెటాసోన్ స్టెరాయిడ్. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు. షాపుల్లో అడిగితే ఇప్పటికీ ఇస్తున్నారు, అది వేరే కథ.

రెండోది, నుదురు, నోటి చుట్టూ. చేతికన్నా రెండు ఛాయలు ముదురు. భారతీయ చర్మంలో ఇది చాలా మందికి ఉంటుంది. ఎండ, రాపిడి, థ్రెడింగ్, పై పెదవి మీద వాడే రోమ నాశినులు అన్నీ కారణాలే. అయితే ఈమె విషయంలో బుగ్గలు తెల్లబడటం వల్ల ఈ భాగాలు ఉన్నదానికన్నా ఎక్కువ నల్లగా కనబడుతున్నాయి. క్రీమే అసమానతను పెంచి, దాన్ని తగ్గించడానికి మళ్ళీ క్రీమే రాయిస్తోంది.

మూడోది మెడ. వెనక వైపు, పక్క మడతల్లో చర్మం నల్లబడటమే కాదు, మఖమల్ గుడ్డలా దళసరిగా, గరుకుగా ఉంది. చంకల్లోనూ అంతే. ఇంట్లో దీన్ని మురికి అనుకున్నారు. సున్నిపిండితో, పీచుతో, చివరికి నిమ్మచెక్క, ఉప్పుతో కూడా రుద్దించారు. ఇది మురికి కాదు. అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. ఎక్కువసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి చర్మం మీద కనబడే గుర్తు. రుద్దితే పోదు, రాపిడికి ఇంకా దళసరెక్కుతుంది.

నాలుగోది పొడిదనం. చెంపల పక్కన, పెదవుల చుట్టూ బూడిద రంగు పొర. ముదురు చర్మం ఎండిపోయినప్పుడు పైన లేచిన పొట్టు వెలుతురును చెదరగొట్టి బూడిదలా కనబడుతుంది. తెల్ల చర్మం మీదా పొట్టు ఇంతే లేస్తుంది, కానీ కనబడదు. "డల్" అనే మాటలో సగం ఇదే. తడి చర్మం మీద మాయిశ్చరైజరు రాస్తే రెండు నిమిషాల్లో పోతుంది. రంగేమీ మారదు.

చెప్పడం

మొదట ఆమె మళ్ళీ సూటిగా అడిగింది: "నేను నల్లగా ఉన్నానా?"

ఇక్కడ చాలామంది మంచి మనసుతో అబద్ధం చెప్తారు. "ఛఛ, నలుపేంటి, చామనఛాయే కదా" అంటారు. ఒక మెట్టు పైకెక్కించడం అన్నమాట. ఓదార్పులా వినిపించే ఈ మాట రెండు పనులు చేస్తుంది. నలుపు అనేది మెత్తగా చెప్పాల్సిన చెడు వార్త అని ఖాయం చేస్తుంది. రెండోది, ఆ మనిషికి అద్దం ఉంది కాబట్టి, మన మిగతా మాటల్ని కూడా నమ్మకుండా చేస్తుంది. "రంగుదేముందమ్మా, మనసు ముఖ్యం" అనేదీ ఇంచుమించు ఇంతే. అడిగింది ముఖం గురించి, జవాబు మనసు గురించి. అంటే ముఖం గురించి చెప్పడానికి ఏమీ మంచి లేదని ఆమె అర్థం చేసుకుంటుంది.

చెప్పిన జవాబు: "అవును, మీ అసలు రంగు ముదురు గోధుమ. ఈ చేతి మీద ఉన్నది. అది మేం మార్చాల్సింది కాదు, దానికి సరిపోయే ఫౌండేషన్ ఉంది. మార్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి, వాటిలో రెండింటికి డాక్టరు కావాలి."

"ఎలా ఉన్నాను" అన్నదానికీ జవాబు దాటవేయలేదు. "మీ ముఖంలో ముందు కనబడేవి కళ్ళు, కనుబొమ్మలు. బొమ్మలు వాటంతటవే ఒత్తుగా, కొసలు దిగి ఉన్నాయి. థ్రెడింగ్‌లో కుడి బొమ్మ తోక ఎక్కువ తీసేశారు, ఆరు వారాలు ముట్టుకోకపోతే సమానమవుతుంది. పై పెదవి కన్నా కింది పెదవి నిండుగా ఉంది, ముదురు కుంకుమ, ఇటుక రంగు లిప్‌స్టిక్‌లు నప్పుతాయి. ఇప్పుడు మీరు వేసుకున్న లేత గులాబీలో తెల్ల పొడి ఎక్కువ ఉంటుంది, అందుకే పెదవి మీద సుద్దలా నిలబడింది." లేత గులాబీ "రంగు తక్కువ వాళ్ళకు నప్పదు" అని చెప్పి ఉంటే తప్పు ఆమెది అయ్యేది. నిజానికి లోపం ఆ రంగు తయారీలో ఉంది. అదే గులాబీలో ముదురు రకం ఆమెకు బాగానే కుదిరింది.

ఇలాంటి మాట చెప్పేముందు ఒక పరీక్ష పెట్టుకోవడం మంచిది. ఇదే పరిస్థితిలో ఎర్రటి ఒంటి అమ్మాయి కూర్చుని ఉంటే ఇదే మాట అంటామా? కుడి బొమ్మ తోక తెగిందని ఆమెకూ చెప్తాం. మెడ మడతలు దళసరెక్కాయని ఆమెకూ చెప్తాం. "ముదురు రంగు చీరలు కట్టకు, ఇంకా తగ్గిపోతావ్" అని ఆమెకు చెప్పం. కాబట్టి ఈమెకూ చెప్పకూడదు. పరీక్ష నెగ్గని మాట ఎంత ప్రేమగా చెప్పినా రంగు మీద తీర్పే.

మెడ గురించి చెప్పడం కష్టం. రంగు మీద ఏమీ అనకూడదని భయపడే కొత్త బ్యూటీషియన్లు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. అది పిన్ని మాటకన్నా ఎక్కువ హాని చేస్తుంది. పుట్టిన రంగు వేరు, కొత్తగా వచ్చిన మార్పు వేరు. మార్పును చెప్పి తీరాలి, ఎందుకు చెప్తున్నామో కారణంతో సహా. "మెడ మడతల్లో చర్మం దళసరెక్కింది. ఇది మురికి కాదు, రుద్దడం ఈ రోజే ఆపండి. షుగరు, హార్మోన్ల పరీక్షలు చేయించుకోవాలి. ఇది తెల్లగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. నెలసరి సరిగా వస్తోందా?" రావడం లేదని తల్లి చెప్పింది. ఆ ముక్క ఇంట్లో ఎవరూ మెడతో కలిపి చూడలేదు. జనరల్ ఫిజీషియన్ చేయించిన హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష, 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు షుగరుకు ముందు దశ అంటారు. చికిత్స అక్కడ మొదలైంది.

క్రీము గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త పడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. "వెంటనే మానేయ్" అని మేం అనలేదు. నెలల తరబడి రాసిన స్టెరాయిడ్‌ను ఒక్కసారి ఆపితే ముఖం ఎర్రబడి, మండి, పొక్కులు విరజిమ్ముతాయి. చూసినవాళ్ళు "క్రీము మానేసినందుకే పాడైంది" అని మళ్ళీ మొదలుపెడతారు. ఎలా తగ్గించాలో చర్మవైద్యుడు చెప్పాలి. మా పని ఆ వారంలోనే అక్కడికి పంపడం, పెళ్ళి తేదీ డాక్టరుకు ముందే చెప్పించడం, ఈలోగా బ్లీచ్, ఫేషియల్, పీల్ ఏదీ చేయకపోవడం. పదకొండు వారాల ముందు వచ్చింది కాబట్టి ఇది వీలైంది. మూడు వారాల ముందు వస్తే ఇంత వెసులుబాటు ఉండదు.

"రెండు షేడ్లు లేపడం" ఏమవుతుందో చూపించడం

పిన్నితో వాదించి లాభం లేదు. ట్రయల్ రోజున మూడు గీతలు గీశాం. దవడ అంచు నుంచి మెడ మీదికి, వేలెడు పొడవున, బియ్యపు గింజంత ఫౌండేషన్‌తో ఒక్కొక్కటి. మొదటిది ఆమె రంగుకు సరిపోయేది. రెండోది ఒక షేడు లేత. మూడోది పిన్ని అడిగిన రెండు షేడ్ల లేత. పదిహేను నిమిషాలు ఆగాం, ఎందుకంటే చర్మపు నూనెతో కలిసి ఆరాక కొన్ని ఫౌండేషన్లు ముదురెక్కుతాయి. రాసిన వెంటనే ఎంచుకుంటే సాయంత్రానికి వేరే రంగు.

మొదటి గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. రెండోది లేతగా తెలుస్తోంది. మూడోది బూడిద, కొంచెం ఊదా. లేత షేడ్లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి పాలు ఎక్కువ. అది గోధుమ చర్మం మీద పలచగా పరుచుకుంటే అడుగు రంగు పైకి కనబడి రెండూ కలిసి బూడిదవుతాయి. మందంగా పట్టిస్తే బూడిద పోతుంది గానీ ముసుగు వస్తుంది. ఫ్లాషుతో ఒకటి, లేకుండా ఒకటి ఫోను ఫోటో తీసి ముగ్గురికీ చూపించాం. ఫోనులో బ్యూటీ మోడు ఆపడం మర్చిపోకూడదు. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకు అది ముందే వేసి ఉంటుంది, మూడు గీతలనూ కలిపేసి చూపిస్తుంది.

పిన్నిని ఒప్పించింది గీతలకన్నా పెళ్ళి తంతే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అమ్మాయి చేయి అబ్బాయి తల మీద ఉంటుంది, ఫోటోలో ఆమె ముఖం, చేయి పక్కపక్కనే. తలంబ్రాల హోరులో పాపిట దగ్గర, చెవుల దగ్గర చెమటకు మేకప్ జారుతుంది. లేత షేడు వేస్తే జారిన చోటల్లా గీత పడుతుంది. సరైన షేడైతే జారినా కింద ఉన్నది అదే రంగు. "మరి చేతులకూ రాద్దాం" అంది పిన్ని. కొంగుకు, వరుడి బట్టలకు అంటుకుంటుందని తల్లే వద్దంది.

చివరికి వేసినది ఇలా ఉంది. మాయిశ్చరైజరు వేసి పది నిమిషాలు ఆగాం. నుదురు అంచున, నోటి చుట్టూ నారింజ కరెక్టరు, రెండు చోట్లకూ కలిపి బఠాణీ గింజలో సగం, అద్దుతూ. ముదురు చోటును తెల్ల కన్సీలరుతో కప్పబోతే మళ్ళీ బూడిదే, నారింజ వేస్తే నలుపులోని నీలం ఛాయ విరుగుతుంది. దాని మీద సరిపోయే షేడు ఫౌండేషన్ పలచగా. పౌడరు చర్మం రంగులోనిది. "ట్రాన్స్‌లూసెంట్" పేరుతో వచ్చే తెల్ల పౌడర్లు మామూలు వెలుతురులో కనబడవు, ఫ్లాషు పడగానే నుదురు, ముక్కు మీద తెల్ల మచ్చలవుతాయి. ముక్కు గీతను సన్నగా చూపించే గట్టి కాంటూరు ఇందులో లేదు. ఆమె అడగలేదు.

ఫోటోగ్రాఫరుతో

మేకప్‌లో జాగ్రత్తపడిన రంగును ఎడిటింగులో పోగొట్టుకోవడం మామూలే. ఇందులో సగం తప్పు కెమెరాది. కెమెరా మీటరు ఎదుట ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద వెలుగని లెక్కవేస్తుంది. మధుపర్కాలు కట్టుకుని కూర్చుంటే ఫ్రేములో సగం తెలుపు. మీటరు ఆ తెలుపును తగ్గించబోయి ముఖాన్ని చీకట్లోకి తోస్తుంది. ఎడిటరు ఆ ముఖాన్ని చూసి "డార్క్ వచ్చింది" అని తెల్లబరుస్తాడు. వరుడు తెల్లగా ఉంటే అతనికీ అదే జరగాలి. కానీ అతని ముఖం చీకటి పడ్డా ఎవరికీ లోపంగా తోచదు, అతన్ని ముట్టుకోరు.

ఫోటోగ్రాఫరుకు కాగితం మీద రాసిచ్చినవి కొన్నే. మీటరింగు స్పాట్‌లో పెట్టాలి, అంటే ముఖం మీది వెలుగునే కొలవాలి. కుదరకపోతే, మధుపర్కాల ఫ్రేముల్లో ఎక్స్‌పోజరును స్టాపులో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాపు వరకు పెంచాలి. వైట్ బ్యాలెన్సు మండపం దీపాల కింద బూడిద కార్డుతో ఒకసారి పెట్టాలి. ఎడిటింగులో వెలుగు, వైట్ బ్యాలెన్సు ఫ్రేము మొత్తానికి సరిచేయొచ్చు, ముఖానికి మాత్రమే విడిగా తెల్లబరచకూడదు. మొటిమ తీసేయొచ్చు, ఎందుకంటే అది వచ్చే నెల ఉండదు.

తెల్లబరిచారో లేదో కనిపెట్టడం తేలిక. ముఖాన్ని చెవితో, అదే ఫ్రేములోని చేతితో పోల్చాలి. ఎడిటర్లు చెవుల్ని మర్చిపోతారు.

తర్వాత

ఏడో వారంలో ఒక చిక్కొచ్చింది. డాక్టరు ఊహించిందే, ఇంట్లో ఎవరూ ఊహించనిది. చికిత్సకు ముఖం బాగా స్పందించింది, ఎరుపు తగ్గింది, పొక్కులు పోయాయి, బుగ్గలు తమ సొంత రంగుకు తిరిగొచ్చాయి. అంటే బంధువుల కంటికి "పిల్ల నల్లబడింది". ఇద్దరు ముగ్గురు అనేశారు కూడా. అమ్మాయి ఫోన్ చేసి క్రీము మళ్ళీ రాయనా అని అడిగింది.

అభిప్రాయం చెప్పేవాళ్ళు ఇక్కడ "లేదు లేదు, నల్లబడలేదు" అంటే మళ్ళీ మొదటి అబద్ధమే. మొదటి రోజు తీసిన ఫోటోను, అదే కిటికీ పక్కన, అదే తెల్ల గుడ్డతో ఆ రోజు తీసిన ఫోటోను పక్కపక్కన పెట్టి చేతితో పోల్చి చూపించాం. "బుగ్గ రంగు ఇప్పుడు మీ చేతితో కలిసింది. అప్పుడు కలవలేదు. ముదురెక్కింది నిజం, అది మీ సొంత రంగు. తగ్గాల్సినవి తగ్గాయా లేదా ఇక్కడ చూడండి: ఎరుపు, పొక్కులు, నోటి చుట్టూ ఉన్న తేడా." మొదటి రోజు ఫోటో తీయకపోయి ఉంటే ఈ మాటకు ఆధారం ఉండేది కాదు. క్రీము మళ్ళీ మొదలు కాలేదు.

అన్నీ కుదరలేదు. నోటి చుట్టూ ముదురు సగమే తగ్గింది. చర్మం లోపలి పొరలో చేరిన వర్ణం తగ్గడానికి నెలలు పడుతుంది, కొంత ఉండిపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. ఆమెకు రాసిన సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి పైన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగు కలిపిన రకం. ఇలాంటి మచ్చల్ని పెంచడంలో ఎండలోని అతినీలలోహిత కిరణాలతోపాటు కంటికి కనబడే వెలుతురుకూ పాత్ర ఉంటుంది. మామూలు రంగులేని సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. రంగు ఉన్నది కొనేటప్పుడూ షేడు చూడాల్సిందే. మన మార్కెట్లో దొరికేవి చాలావరకు ఒకే లేత షేడు, ఆమె వంటి ముఖం మీద తెల్లగా తేలతాయి. రెండు కంపెనీలవి వెనక్కిచ్చాక మూడోది కుదిరింది.

ఆల్బమ్ ప్రూఫుల్లో పదకొండు ఫోటోలకు ముఖం విడిగా తెల్లబరిచి ఉంది. కాగితం చూపిస్తే ఫోటోగ్రాఫరు తొమ్మిది సరిచేశాడు. మిగతా రెండు, అమ్మాయి పక్కన పిన్ని నిలబడ్డవి, పిన్ని కోరిక మీద అలాగే అచ్చయ్యాయి. వాటిలో పిన్నిని కూడా తెల్లబరిచారు.

మెడ మీద దళసరి పెళ్ళినాటికి కొంచెమే మెత్తబడింది. దానికి మేకప్ వేయలేదు, మడతల్లో నిలవదు, కాసులపేరు రాపిడికి చీర మీదికి దిగుతుంది. ఫిజీషియన్ చెప్పిన తిండి మార్పులు, నడక కొనసాగుతున్నాయి. మూడు నెలలకు మళ్ళీ హెచ్‌బీఏ1సీ చేయించాలని కాగితం చివరి గడిలో తేదీ రాసి ఇచ్చాం.